అదే ప్రశ్న మళ్లీ మళ్లీ: ప్రేమ గురించి కార్డులు తీయడం అలవాటు దాటిపోయిందని ఎలా తెలుసుకోవాలి, ఎలా వెనక్కి రావాలి

రాత్రి పదకొండు దాటింది. మంచం మీద మూడు టారో కార్డులు పరిచి "తను నా గురించి ఏమనుకుంటున్నాడు" అని అడిగారు. టూ ఆఫ్ కప్స్ పడింది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కప్పులు పట్టుకున్న బొమ్మ, ప్రేమ గురించి అడిగినప్పుడు అంతకన్నా మంచి కార్డు కోరుకోలేం. హమ్మయ్య అనుకున్నారు. ఇప్పుడు నేనడిగేది ఒక్కటే, ఆ హమ్మయ్య ఎంతసేపు నిలిచింది? తెల్లారేదాకా నిలిచిందంటే మీకు ఈ వ్యాసంతో పని లేదు. పది నిమిషాల్లోనే చేయి మళ్లీ డెక్ మీదికి వెళ్లిందంటే మాత్రం చివరిదాకా చదవండి.

నేను కార్డులు చదువుతాను, చాలా ఏళ్లుగా. కాబట్టి కార్డుల్ని తిట్టడానికి కూర్చోలేదు. అవి నిజం చెబుతాయా చెప్పవా అన్న వాదన కూడా ఇక్కడ పెట్టుకోను, ఎందుకంటే ఈ చిక్కు నమ్మేవాళ్లకీ సరదాకి చూసేవాళ్లకీ ఒకేలా పడుతుంది.

ఎన్నిసార్లు తీశారన్నది అసలు కొలత కాదు

చాలామంది లెక్క దగ్గరే పొరబడతారు. రోజూ పొద్దున్న ఒక కార్డు తీసి, రెండు ముక్కలు రాసుకుని పనిలో పడిపోయేవాళ్లున్నారు, వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. వారానికి మూడుసార్లే తీసినా, కార్డు చూడకుండా ఒక్క మెసేజ్‌కి కూడా జవాబివ్వలేనివాళ్లున్నారు, ఇబ్బంది వాళ్లది. చూడాల్సింది జవాబు వచ్చాక ఏం జరుగుతుందన్నది. జవాబుతో ప్రశ్న ఆగాలి. ఆగట్లేదంటే మీరు జవాబు కోసం తీయట్లేదు, గుండెలో గుబులు తగ్గడం కోసం తీస్తున్నారు.

నా దగ్గరికి రీడింగ్ కోసం వచ్చే ఒక అమ్మాయి, నన్ను అక్కా అంటుంది, తన ఒక రాత్రి సంగతి పూర్తిగా చెప్పింది. ఊరూ పేరూ లేకుండా రాస్తే ఫర్వాలేదంది కాబట్టి రాస్తున్నాను. పది నలభైకి అతనికి మెసేజ్ పెట్టింది. చదివినట్టు టిక్కులు నీలమయ్యాయి, జవాబు లేదు. పదకొండుకి మూడు కార్డులు తీసింది: నైట్ ఆఫ్ కప్స్, ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్, సిక్స్ ఆఫ్ కప్స్. ప్రేమతో వచ్చేవాడు, విశ్రాంతి, పాత ఆప్యాయత. ఎవరు చదివినా "అలసిపోయి ఉంటాడు, తర్వాత మాట్లాడతాడు" అనే చెబుతారు. తను కూడా అలాగే చదువుకుంది, ఊపిరి పీల్చుకుంది.

కాసేపటికే ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్ మీద అనుమానం మొదలైంది. విశ్రాంతి అంటే దేన్నుంచి, నా నుంచా? దానికి క్లారిఫైయర్ తీసింది, అంటే మొదటి కార్డుని వివరించమని పైన వేసే ఇంకో కార్డు. ఎయిట్ ఆఫ్ కప్స్ పడింది. పేర్చిన కప్పుల్ని వదిలేసి రాత్రివేళ నడిచి వెళ్లిపోతున్న మనిషి బొమ్మ. ఇక చూసుకోండి. దానికో క్లారిఫైయర్, అది మూన్. మూన్ అంటే ఏదీ స్పష్టంగా లేదని. అలాంటప్పుడు ఇంకో కార్డు తీయకుండా ఎవరుంటారు? తర్వాత డెక్ మొత్తం కలిపి ప్రశ్న మార్చి అడిగింది, "రేపటికల్లా రిప్లై ఇస్తాడా" అని. ఆ తర్వాత "నేను తొందరపడ్డానా" అని. తర్వాత ఫోన్‌లో మూడు కుప్పల్లో ఒకటి ఎంచుకోమనే వీడియోలు, అందులో తను ఎంచుకున్న కుప్ప నచ్చక రెండోది కూడా వినడం. ఒకటిన్నర అయ్యేసరికి పంతొమ్మిది కార్డులు, నాలుగు వీడియోలు.

పొద్దున్న ఏడుంబావుకి మెసేజ్ వచ్చింది. "చూశాను, నిద్ర ఆగలేదు, సారీ." మొదటి మూడు కార్డులు చెప్పింది అదేగా! కానీ తను ఏం చేసిందంటే, లేచి కూర్చుని ఇంకో కార్డు తీసింది. "నిజంగానే నిద్రపోయాడా?"

నాకు ఆ పంతొమ్మిది కార్డులకన్నా పొద్దుటి ఆ ఒక్క కార్డే ఎక్కువ చెప్పింది. చెడ్డ కార్డు పడితే మళ్లీ తీయడం మామూలు మనుషులందరూ చేసేదే. మంచి జవాబు వచ్చినా, చివరికి అసలు మనిషే జవాబిచ్చినా ఇంకా తీయాలనిపిస్తోందంటే అది బలవంతపు అలవాటు. మిగతా గుర్తులు దీని చుట్టూ తిరిగేవే. అదే ప్రశ్నని మాటలు మార్చి అడగడం, ఈ డెక్ నాతో సరిగా లేదని ఇంకోటి తీయడం, కలుపుతుంటే కింద పడిన కార్డుని నచ్చితే సందేశమనీ నచ్చకపోతే జారిందనీ అనుకోవడం, ఎన్నిసార్లు చూశారని ఎవరైనా అడిగితే తగ్గించి చెప్పడం. ఈ చివరిది చేశారంటే, మీ లెక్క మీకు ముందే తెలుసన్నమాట.

ఎందుకు ఆగదో ఒక చిన్న లెక్క

డెక్‌లో 78 కార్డులుంటాయి. ప్రేమ గురించి అడిగినప్పుడు చూడగానే మీ మొహం వెలిగిపోయే కార్డులు పది ఉన్నాయనుకోండి, లవర్స్, టూ ఆఫ్ కప్స్, టెన్ ఆఫ్ కప్స్, సన్, స్టార్, ఇలా. చూడగానే కడుపులో తిప్పేసే కార్డులు ఇంకో పది, టవర్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్ లాంటివి. బాగా కలిపి మూడు కార్డులు తీస్తే మీ పది మంచి కార్డుల్లో కనీసం ఒకటి కనబడే అవకాశం నూటికి 34. మళ్లీ కలిపి తీస్తూ మూడు దఫాలు చేస్తే ఎక్కడో ఒకచోట కనబడే అవకాశం 71కి పెరుగుతుంది. ఐదు దఫాలకి 88. బాగుందే అనుకుంటున్నారా, భయపెట్టే పది కార్డులకి కూడా సరిగ్గా ఇవే అంకెలు. అంటే ఐదోసారి కలిపేసరికి మీకు నచ్చిందీ, మీరు భయపడిందీ, రెండూ ఎదురొచ్చే అవకాశం నూటికి 76. కార్డులు మాట మార్చట్లేదు, మీరు ఎక్కువసార్లు తీస్తున్నారు, అంతే. ఎయిట్ ఆఫ్ కప్స్ లాంటి భయపెట్టే కార్డు ఏదో ఒకటి ఆ రాత్రి ఎప్పుడో ఒకప్పుడు పడకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి.

పైగా ఊరట ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. రెండోసారికి దొరకొచ్చు, ఏడోసారికి దొరకొచ్చు. ఎప్పుడిస్తుందో తెలియని యంత్రం దగ్గరే జూదమాడేవాళ్లు ఎక్కువసేపు కూర్చునేది. ఇక్కడ గెలిచేది డబ్బు కాదు, పది నిమిషాల నెమ్మది. గుబులు పుట్టినప్పుడల్లా కార్డు తీసి తగ్గించుకుంటే, కార్డు లేకుండా అది దానంతటదే తగ్గుతుందని మనసుకి తెలిసే అవకాశమే రాదు. కింద చెప్పేవన్నీ ఆ అవకాశం ఇవ్వడానికే.

ముందు ఐదు రోజులు: ఏదీ ఆపకండి, రాయండి

రేపట్నుంచి బంద్ అని శపథం చేయకండి, మూడో రాత్రికి తెగిపోతుంది, దాని మీద సిగ్గు ఒకటి అదనం. ఐదు రోజులు ఎప్పటిలాగే తీయండి, కానీ తీసిన ప్రతిసారీ ఒక వరుస రాయండి. టైము, దానికి ముందు ఏం జరిగింది, ఏం అడిగారు. తర్వాత మూడు అంకెలు, సున్నా నుంచి పది వరకు: తీసేముందు టెన్షన్ ఎంత, తీసిన వెంటనే ఎంత, అరగంట తర్వాత ఎంత. వీడియోలూ యాప్‌లూ కూడా లెక్కలోకి వస్తాయి. "చదివి రిప్లై ఇవ్వలేదు, 8, 3, 8" అని ఉంటుంది ఒక వరుస.

ఆ మూడో అంకె రాయడమే అందరూ ఎగ్గొడతారు. అలారం పెట్టుకుని అయినా రాయండి, అసలు సంగతి అక్కడే బయటపడుతుంది. ఆ అమ్మాయి ఐదు రోజుల కాగితంలో ఇరవై ఆరు వరుసలున్నాయి. అరగంట తర్వాతి అంకె మొదటి అంకెకన్నా తగ్గింది నాలుగింటిలో. ఐదో రోజు కాగితం ఫొటో పంపి, "అక్కా, ఇది పనిచేయట్లేదు కదా" అంది. నేను వంద సార్లు చెప్పినా నమ్మేది కాదు.

కాగితంలో రెండో గడి కూడా చూడండి. "దానికి ముందు ఏం జరిగింది" అన్నచోట రెండు మూడు సంగతులే తిరిగి తిరిగి వస్తుంటాయి. నీలం టిక్కులు, అతను ఆన్‌లైన్‌లో కనబడటం, పడుకునే ముందు ఖాళీ సమయం. మీరు పనిచేయాల్సింది ఆ రెండు మూడు చోట్లే, రోజు మొత్తం మీద కాదు.

తర్వాత వాయిదా

ఇప్పుడు తీయాలనిపించినప్పుడు వద్దనుకోకండి, పదిహేను నిమిషాల తర్వాత అనుకోండి. ప్రశ్నని కాగితం మీద ఉన్నదున్నట్టు రాయండి, పక్కన టెన్షన్ అంకె వేయండి, టైమర్ పెట్టండి. ఈ పదిహేను నిమిషాల్లో ఒకే నియమం: ఆ ప్రశ్నకి జవాబు వేరే దారిలో వెతక్కూడదు. లాస్ట్ సీన్ చూడటం, పాత చాట్ పైకీ కిందికీ తిప్పడం, "నీకేమనిపిస్తోందే" అని స్నేహితురాలికి ఫోన్ చేయడం, శుభసూచన అంటూ గడియారంలో 11:11 పడిందా అని చూడటం, ఇవన్నీ కార్డులే, అట్టముక్క ఒక్కటే లేదు. వాయిదా నాకు పనిచేయలేదు అని చెప్పినవాళ్లని అడిగితే, ఆ పదిహేను నిమిషాలూ అతని ప్రొఫైల్ చూస్తూ కూర్చున్నామంటారు.

మరి ఏం చేయాలి? గిన్నెలు కడగండి, బట్టలు మడతపెట్టండి, ఊరికే కూర్చోండి, ఏదైనా సరే. గుబులు వస్తే రానివ్వండి. ఛాతీలో బిగుసుకుంటోందా, అరచేతులు చల్లబడ్డాయా, గమనించండి. టైమర్ మోగాక అంకె మళ్లీ వేయండి. అప్పటికీ తీయాలనుంటే తీయొచ్చు, మొదటి వారం దానికి అనుమతి ఉంది. రెండో వారం అరగంట, తర్వాత గంట, తర్వాత "రేపు పొద్దున్న". పొద్దున్నకి వాయిదా వేసిన ప్రశ్నల్లో చాలావాటిని పొద్దున్న అడగబుద్ధి కాదు, పగటి వెలుతురులో అవి కాస్త వెర్రిగా కనబడతాయి.

ఈ వాయిదా నేను కనిపెట్టింది కాదు. ఏదో ఒకటి సరిచూసుకోకుండా ఉండలేని బాధకి సైకాలజిస్టులు చేయించే చికిత్సలో వాడే ఒక పద్ధతి ఇది. ఆ చికిత్స సారమల్లా గుబులు పుట్టించేదాన్ని ఎదుర్కోవడం, దానికి అలవాటుగా చేసే పని చేయకుండా ఉండటం.

ఆట నియమాలు, లేదా పూర్తి విరామం

వాయిదా కాస్త చేతికొచ్చాక రెండు దారులు. మీ కాగితంలో వరుసలు తక్కువుంటే నియమాలు చాలు. క్లారిఫైయర్ లేదు. ఒక ప్రశ్న రాసి, మూడు కార్డులు తీసి, ఫొటో తీసుకుని, అర్థం ఒక్క వాక్యంలో రాసి, డెక్ పెట్టేయాలి. మళ్లీ అదే ప్రశ్న అడగాలనిపిస్తే ఫొటో చూడాలి, కొత్తగా తీయకూడదు. నిజంగా ఏదైనా జరిగితే తప్ప ఆ ప్రశ్న రెండోసారి అడగకూడదు. నిజంగా జరగడమంటే ఒక మనిషి ఒక మాట అనడం, ఒక పని చేయడం. అతని స్టేటస్‌లో పాట మారడం జరగడం కిందికి రాదు. (ఈ పాట సంగతి మీద నాతో గంటసేపు వాదించినవాళ్లున్నారు.)

వరుసలు ఎక్కువుంటే, లేదా నియమాలు రెండుసార్లు తప్పితే, ముప్పై రోజులు ప్రేమ గురించి ఏ కార్డూ వద్దు. డెక్‌ని పారేయకండి, చింపకండి. కోపంతో పారేసినవాళ్లు వారానికే కొత్తది కొంటారు. ఇంట్లో ఎవరికైనా ఇచ్చి, ఏ తేదీ వరకు ఇవ్వొద్దో చెప్పండి. యాప్‌లు తీసేయండి. వీడియోలకి మాత్రం కాస్త ఓపిక కావాలి. యూట్యూబ్‌లో అలాంటి వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి Not interested లేదా Don't recommend channel ఎంచుకోండి, వీక్షణ చరిత్రలోంచి పాతవి తొలగించండి. ఒక్క రాత్రి మళ్లీ చూస్తే అలాంటివి మళ్లీ రావడం మొదలవుతుంది. "ఈ వీడియో మీ కంటపడిందంటే ఇది మీకోసమే" అంటారు చూడండి, అది మీ కంటపడింది నిన్న అలాంటివే మూడు చూశారు కాబట్టి.

డబ్బిచ్చి ఎవరిచేతనైనా చూపించుకుంటుంటే వాళ్లకీ చెప్పాలి. ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి "అక్కా, ఇంకొక్కసారి చూడవా, ఇదే లాస్ట్" అంటే నేను ఒకే నెలలో నాలుగుసార్లు చూశాను. జాలి అనుకున్నాను, మంటలో నూనె పోశాను. మీరు మీ రీడర్‌కి ఇలా రాసి పెట్టండి: "ఫలానా తేదీ వరకు ఈ మనిషి గురించి నేనడిగినా చూడకండి. బతిమాలినా సరే." మంచి రీడర్ సరే అంటారు. "మీ మీద ఏదో అడ్డు ఉంది, ఇప్పుడు ఆపితే నష్టం" అన్నారంటే ఆ నంబరు తీసేయడం మేలు.

మొదటి కొన్ని రోజులు గుబులు తగ్గకపోగా పెరుగుతుంది. పద్ధతి తప్పైందని కాదు, అలవాటైన మందు ఆగింది, అంతే. "కార్డు ఏదో ముఖ్యమైన హెచ్చరిక చెప్పాలనుకుంటోంది, నేను వినట్లేదు" అన్న ఆలోచన ఈ రోజుల్లోనే వస్తుంది, చాలా నమ్మకంగా వస్తుంది. దాన్నీ కాగితం మీద రాసి, టైము వేసి వదిలేయండి.

ప్రశ్నని దాని చోటుకి పంపడం

ఈ ముప్పై రోజుల్లో ఒక సాయంత్రం కూర్చుని మీరు రాసిపెట్టిన ప్రశ్నలన్నీ తీయండి. ప్రతిదానికీ ఎదురుగా రాయండి, ఈ జవాబు అసలు ఎవరి దగ్గరుంది? "నేనంటే ఇష్టమేనా" అన్నది అతని దగ్గరుంది. "పెళ్లిదాకా వెళ్తుందా" అన్నది ఇంకా ఎవరి దగ్గరా లేదు. "ఇలా ఎదురుచూడటం నాకు చాలట్లేదు కదా" అన్నది మీ దగ్గరే ఉంది.

ఆ అమ్మాయి ప్రశ్నల్లో ఎక్కువభాగం అతని దగ్గరున్నవే. పంతొమ్మిది కార్డులు తీయడం తేలికైంది, ఒక్క మాట అడగడం కష్టమైంది, ఎందుకంటే కార్డు కాదంటే మళ్లీ కలపొచ్చు, మనిషి కాదంటే కలపడానికేం ఉండదు. చివరికి తను పెట్టిన మెసేజ్ ఇంతే: "చదివి రెండు రోజులు మాట్లాడకపోతే నాకు టెన్షన్‌గా ఉంటోంది. బిజీగా ఉంటే ఒక ముక్క పెడతావా?" అతనేమన్నాడన్నది ఇక్కడ చెప్పను, అది వాళ్ల విషయం. మాట అడిగే ధైర్యం భయం వల్ల రాకపోతే వేరు సంగతి. కోప్పడతాడనో కొడతాడనో భయపడి కార్డుల్లో అతని మూడ్ వెతుకుతున్నారంటే అది కార్డుల సమస్య కాదు, నమ్మకమైన మనిషికి వెంటనే చెప్పండి.

విడిపోయినవాళ్లది ఇంకో రకం. "తిరిగొస్తాడా" అన్న ప్రశ్నకి అడగడానికి మనిషి లేడు, అందుకే కార్డుల దగ్గర అది ఎప్పటికీ తెగదు. వీళ్లకి నేను నియమాల దారి చెప్పను, నేరుగా విరామమే.

మన చేతిలో లేనప్పుడు

రోజులో గంటకి మించి దీనికే పోతున్నా, నిద్రా పనీ చదువూ దెబ్బతింటున్నా, అప్పుచేసి రీడింగ్‌లు చూపించుకుంటున్నా, వాయిదా నాలుగు వారాలు నిజాయితీగా చేసినా అంకెలు కదలకపోయినా సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి, ఈ కాగితం పట్టుకెళ్లండి. "ఇష్టముందా లేదా" అన్న అనుమానమే పదేపదే తిరగడం ఓసీడీ అనే మానసిక సమస్యలో ఒక రూపం కావచ్చు, దానికి చికిత్స ఉంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం వ్యాసాలు చదువుతూ కూర్చోకండి, ఆ క్షణమే పక్కనున్నవాళ్లని పిలవండి.

మధ్యలో ఒక రాత్రి తప్పితే? తప్పుతుంది. తీసిన కార్డుని తీసినట్టే ఫొటో తీసి, కాగితంలో వరుస రాసి, మూడు అంకెలూ వేసి, రెండో కార్డు తీయకుండా పెట్టేయండి. లెక్క మొదటి రోజుకి వెనక్కి తిప్పకండి, పదిహేడో రోజు తప్పితే మర్నాడు పద్దెనిమిదే.

ముప్పై ఒకటో రోజున ఆ అమ్మాయి వాళ్ల అమ్మ దగ్గర దాచిన డెక్ తీసుకుంది. ఏం అడిగావని అడిగాను. "ఉద్యోగం మారాలా అని అడిగాను అక్కా. త్రీ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది." మరి క్లారిఫైయర్ తీశావా? "తీయాలనిపించింది. అమ్మకిచ్చేసి పడుకున్నా."